రాని డ్రైవర్

ఆ గేమ్ కంపెనీలో అందరూ ఆమెను ల్యాబక్క అనేవారు. ఆమెకంటే వయసులో పెద్దవాళ్లూ అలాగే పిలిచేవారు. ఆమె కూడా కాదనేది కాదు. కిటికీల్లేని పొడుగాటి గది, ఇనుప ర్యాకుల మీద నలభై ఆరు కంప్యూటర్లు, ఒక్కోదానిలో తెర మీద బొమ్మ గీసే గ్రాఫిక్స్ కార్డు ఒక్కో రకం. కంపెనీ ఏ గేమ్ తయారుచేసినా అది ఏ కార్డు మీద నడుస్తుందో, ఏది చేతులెత్తేస్తుందో తేల్చి సంతకం పెట్టే పని ఆమెది. పదకొండేళ్లుగా అదే పని.

ఆ గదిలో తొమ్మిదేళ్ల నాటి కార్డొకటుంది. దానికి వాళ్లు పెట్టుకున్న ముద్దుపేరు ముసలాయన. ఫ్యాన్ ఆయాసపడుతూ తిరిగేది గానీ పని మాత్రం ఎగ్గొట్టేది కాదు. దాన్ని తయారుచేసిన సంస్థ ఆ ఏడాది మొదట్లో ఒక ప్రకటన చేసింది. ఇకమీదట ఆ తరం కార్డులకు కొత్త డ్రైవర్లు రావు, మరికొన్నేళ్లపాటు భద్రతా లోపాలు మాత్రమే సరిచేస్తాం అని. డ్రైవరంటే కార్డుకు గేమ్ మాట అర్థమయ్యేలా చెప్పే సాఫ్ట్‌వేరు. అది ఆగిపోయినంత మాత్రాన కార్డు చచ్చిపోదు. నిన్నటిదాకా నడిచినవన్నీ ఎప్పట్లాగే నడుస్తాయి. చిక్కంతా కొత్త గేములతోనే. అవి డ్రైవర్‌లో ఎక్కడైనా తట్టుకుని పడితే లేపేవాడుండడు.

సరిగ్గా అదే జరిగింది. కొత్త గేమ్ విడుదలకు ఆరు వారాలుంది. మూడో అధ్యాయంలో నీళ్లు నిండిన సొరంగం వస్తుంది. అక్కడ అడుగుపెట్టగానే ముసలాయన మీద తెర బిగుసుకుపోయి, నల్లబడి, గేమ్ మూసుకుపోయింది. పన్నెండుసార్లు ఆడిస్తే పదకొండుసార్లు అదే తంతు. గ్రాఫిక్స్ ప్రోగ్రామర్ రెండు రోజులు తవ్వి కారణం పట్టుకున్నాడు. నీటి మీద వెలుతురు చూపించే కోడ్‌ని ఆ పాత డ్రైవర్ కార్డు భాషలోకి మార్చేటప్పుడు తప్పు చేస్తోంది. కొత్త కార్డుల మీద అదే కోడ్ నిక్షేపంగా నడుస్తోంది. కార్డు సంస్థకు రాస్తే మర్యాదగానే జవాబిచ్చారు. తప్పు మాదే, కానీ ఆ తరానికి ఇప్పుడు భద్రతా మార్పులు తప్ప మరేమీ చేయడం లేదు అని.

ఆ జవాబు మీద ల్యాబక్కకు కోపం రాలేదు. తొమ్మిదేళ్లు మోశారు, ఇక మోయలేమని ముందే చెప్పారు. ఆమెకు రోత పుట్టింది ఆ తర్వాత జరిగిన మీటింగులో.

ఆమె రెండే దారులు చెప్పింది. నీటి కోడ్‌ని రెండు ముక్కలు చేసి ఆ తప్పు జోలికి పోకుండా చుట్టుతిరిగి వెళ్లొచ్చు, మూడు వారాల పని, ఆపైన అన్ని కార్డుల మీదా మళ్లీ పరీక్షించాలి. లేదంటే అమ్మకం పేజీలో కనీస అవసరాల జాబితా నుంచి ఆ కార్డు పేరు ఇవాళే తీసేయాలి.

ప్రొడక్ట్ మేనేజర్ పుదీనా బిళ్ల చప్పరిస్తూ అంతా విన్నాడు. విడుదల తేదీ జరపడం కుదరదన్నాడు. ముందే కొనుక్కున్నవాళ్లలో ఆ కార్డున్నవాళ్లు చాలామంది, ఇప్పుడు పేరు తీసేస్తే గోలైపోతుందన్నాడు. తర్వాత తన దారి చెప్పాడు. గేమ్ మొదలవగానే డ్రైవర్ నంబరు చూడాలి. అది ఈ ఏడాది వచ్చినదానికంటే పాతదైతే లోపలికి రానివ్వకుండా, 'మీ డ్రైవర్ పాతబడింది, దయచేసి అప్‌డేట్ చేసుకోండి' అని చూపించాలి.

"ఆ కార్డుకి ఈ ఏడాది డ్రైవర్ లేదు కదండీ. ఎప్పటికీ రాదు," అంది ల్యాబక్క.

"అది మనం చెప్పక్కర్లేదు కదా," అన్నాడతను. "అప్‌డేట్ చేసుకోమంటాం. చేసుకోలేకపోతే వాళ్ల తిప్పలు."

బల్ల చుట్టూ ఉన్న ఏడుగురిలో ఒకాయన గోళ్లు చూసుకున్నాడు, మిగతావాళ్లు తర్వాతి విషయానికి కాగితాలు తిప్పారు. అబద్ధాలు ఆమె చాలానే చూసింది. కానీ లేనిదాన్ని తెచ్చుకోమని పురమాయించి, తేలేదని ఎదుటివాడి మీద నెట్టేయడం అదే మొదటిసారి చూడడం.

రిపోర్టులో ఆమె ఉన్నదున్నట్టు రాసింది. ఆ కార్డు మీద గేమ్ నడవదు, జాబితాలోంచి తీసేయాలి అని. మర్నాడు చూస్తే ఆ వరుసలో 'తాజా డ్రైవర్‌తో పాస్' అనుంది, కింద మేనేజర్ సంతకం. ఆ హెచ్చరిక రాసింది గ్రాఫిక్స్ ప్రోగ్రామరే. మెట్ల దగ్గర ఎదురుపడితే తల దించుకుని తప్పుకుపోయాడు. నిన్నటిదాకా ఒకే డబ్బాలో తిన్న మనిషి.

ఆమె అక్క మొగుడికి ఊళ్లో గేమింగ్ కేఫ్ ఉంది. ఇరవై కంప్యూటర్లు, అన్నిట్లోనూ ముసలాయన తరం కార్డులే. మరదలి కంపెనీ గేమ్ కదాని ఆయన ఎప్పుడో వాకబు చేశాడు, మా మిషన్లలో నడుస్తుందా అని. అప్పటికింకా గేమ్ సగంలో ఉంది. అమ్మకం పేజీలో మీ కార్డు పేరుంటే నడుస్తుంది బావా, మేం ఉత్తినే రాయం అందామె. కంపెనీ సంగతులు బయటికి చెప్పనని రహస్య పత్రం మీద సంతకం చేసింది కాబట్టి ఆ మీటింగు తర్వాత మళ్లీ నోరు విప్పలేదు. విడుదలైన నాలుగో రోజు ఆయనే ఫోన్ చేశాడు. గొంతులో ఎప్పటి వేళాకోళం లేదు.

ఆమె సెలవు పెట్టి కేఫ్‌కి వెళ్లింది. కుర్చీలు ఖాళీ. ఇరవై తెరల మీదా ఆ వాక్యమే, 'దయచేసి' అన్న మాటతో సహా. బావ మూడు రోజులుగా డ్రైవర్ల వెంట పడ్డాడట. సంస్థ సైటులో కొత్తది దించితే, మీ కార్డు దీనికి సరిపడదంటూ అది ఎక్కనే ఎక్కలేదు. చివరికి ఎవరో ఇచ్చిన లింకులో 'పాత కార్డులకు కొత్త డ్రైవర్' అని దొరికితే మూడు మిషన్లలో వేశాడు. అది డ్రైవర్ కాదు. ఆ మూడింట్లో కూర్చున్న ఆటగాళ్ల పాస్‌వర్డులన్నీ ఎవడో ఎత్తుకుపోయాడు. ఏళ్లతరబడి వస్తున్నవాళ్లు మొహం మీదే దొంగ అని వెళ్లిపోయారు.

"నేనే ఏదో తప్పు చేస్తున్నాననుకున్నాను," అన్నాడాయన మౌస్ తీగ వేలికి చుట్టుకుంటూ. "అంత సులువైన పని చేతకావట్లేదే అని."

"మీ తప్పేం లేదు బావా. ఆ డ్రైవర్ లేదు, రాదు. మాకది ముందే తెలుసు. నాకూ తెలుసు."

ఆయన లోపలికెళ్లి ఆమెకు మంచినీళ్లు తెచ్చిపెట్టాడు. తిట్టినా బాగుండేదనిపించింది. అంతదాకా మేనేజర్ మీదున్న రోత మొత్తం తిరిగి ఆమె మీదే పడింది. సంతకం పెట్టలేదని ఇన్నాళ్లూ తనను తాను మెచ్చుకుంటూ కూర్చుంది. పెట్టకపోవడం వల్ల ఎవరికేం ఒరిగింది?

అక్కడే, ఆ ఖాళీ కుర్చీల్లో ఒకదానిలో కూర్చుని, కంపెనీ సహాయ పేజీలో తన పేరుతో, హోదాతో రాసింది. ఆ తరం కార్డులకు ఈ గేమ్ అడిగే డ్రైవర్ లేదు, ఇక రాదు. వెతకొద్దు. ఎవరైనా ఇస్తామంటే వేసుకోవద్దు. కొన్నవాళ్లు డబ్బు వెనక్కి అడగండి. అడిగే హక్కు మీకుంది.

రెండు గంటల్లో మేనేజర్ ఫోన్ చేశాడు. తీసేయమన్నాడు. తీయనంది. వాళ్లే తీసేశారు గానీ, అప్పటికే జనం దాన్ని ఫొటోలు తీసి ఊరంతా పంచేశారు. వారంలో అమ్మకం సైటు వాళ్లు అందరికీ డబ్బు వెనక్కిచ్చి, ఆ కార్డు పేరు తీయించారు. రహస్య పత్రం అతిక్రమించిందని కంపెనీ ఆమెను ఉద్యోగంలోంచి తీసేసింది. గది తాళం అప్పగించే రోజున గ్రాఫిక్స్ ప్రోగ్రామర్ గేటు దాకా వచ్చాడు. ఆ మూడు వారాల పని ఇప్పుడు తనకే అప్పగించారని చెప్పాడు. ఆమె సరే అని మాత్రం అంది. మనసు కరగలేదు.

సరిచేసిన గేమ్ రెండు నెలలకు వచ్చింది. బావ కేఫ్‌లో పాడైన మూడు మిషన్లనూ తుడిచి, అన్నీ మొదట్నుంచి ఎక్కిస్తూ ఆమె దానితోపాటు వచ్చిన ప్రకటన చదివింది. 'పాత కార్డులున్న మా ఆటగాళ్లంటే మాకెంతో ప్రేమ. వారి కోసం ఈ ప్రత్యేక కానుక' అనుంది. కింద మేనేజర్ నవ్వు మొహం.

సొరంగంలో నీళ్లు చక్కగా మెరిశాయి. గేమ్ ఆగలేదు. ఆమె ఆ ప్రకటన మూసేసి, రెండో మిషన్ ముందుకు కుర్చీ జరుపుకుంది.