ఉల్లివేరు కొసన

కాఫీతోట వీడియోకి చోటు చాలక అన్న ధనుంజయ్ రమణి ఫోన్‌లో ఫోటోలన్నీ చెరిపేశాడు. ఆమె కాలేజీ ల్యాబ్‌లో మైక్రోస్కోపులోంచి తీసుకున్న ఉల్లివేరు స్లైడు ఫోటో కూడా పోయింది. ఫోను మిగిలింది, ఫోటోకే నూకలు చెల్లాయి! రేపు బొమ్మ, వర్ణన లేకపోతే మేడం రికార్డు మీద సంతకం పెట్టరు. రమణి టైడా ఊళ్లో ఉన్న తన క్లాసు స్నేహితురాలు హేమలతకు ఫోన్ చేసింది.

“ఏటి గుంటా, కళ్లు కూడా డిలీటైపోనాయా? సూసింది బేగి సెప్పు.”

రమణి కళ్లు మూసుకుంది. “ఇటుకలు పేర్చినట్టు లేత గులాబీ గదులు. ఒక్కోదాన్లో సగం వెడల్పున ఎర్రటి గుండ్రం. ఒకదాన్లో మాత్రం గుండ్రం లేదే. స్లైడుని బొటనవేలితో గట్టిగా నొక్కేసి పాడుసేసినట్టున్నాను.”

“మరి దాన్లో ఏటుంది?”

“ముదురెరుపు పోగులు. రెండు గుంపులై చెరో కొసకీ పోతన్నాయి. పెనేసిన రెండు చేతుల వేళ్లని విడదీసి లాగినట్టు.”

హేమలత ఫోన్‌లోనే కేక పెట్టింది.

“పాడవలేదే పిచ్చిదానా! ఆ కణం రెండవుతోంది. పోగులు విడిపోయే దశ, అనాఫేజ్! మాకెవరికీ దొరకలేదు.”

రమణి పెన్సిల్ అందుకుంది. కణం రెండయ్యే ఒక్క క్షణం స్లైడు మీద రంగు పట్టి తనకోసం ఆగింది. ఆ గదినే పేజీ నిండా గీసింది.

వంటింట్లో అమ్మ తెల్లని వేర్లు తొడిగిన ఉల్లిపాయను కత్తిపీటకి ఆనించింది.

“ఉండే అమ్మా,” అంది రమణి, గొంతు తగ్గించి. “అది రెండయ్యే పనిలో ఉంది.”