టీచ్‌తో మొదలుపెట్టని పిల్ల

నాకు కోపం ఎక్కువ. కాదని నేనూ అనను. హనుమకొండలో మా బి.ఇడి. కాలేజీలో అనసూర్య మేడమ్ వస్తోందంటే వరండాలో పిల్లలు సర్దుకుని నిలబడతారు. తెలుగు ఎలా బోధించాలో చెప్పేదాన్ని, గొంతు తగ్గించి మాట్లాడటం నాకెప్పుడూ చేతకాలేదు. కానీ ఆ రోజు సెమినార్ హాల్లో గంటసేపు నోరు మూసుకుని కూర్చున్నాను. అది మహిత వల్ల జరిగింది.

ముందు ఆట సంగతి చెప్పాలి. మా ఇంగ్లీషు లెక్చరర్ కృష్ణమోహన్ సారు కాలేజీకి అంటించిన పిచ్చి అది. కంప్యూటర్ ఒక అయిదక్షరాల ఇంగ్లీషు మాటను దాచిపెడుతుంది. ఆరు ఛాన్సుల్లో దాన్ని పట్టుకోవాలి. మనం ఒక మాట కొడితే, సరైన చోట పడ్డ అక్షరం పచ్చగా మారుతుంది. మాటలో ఉండి కూడా వేరే చోట ఉండాల్సిన అక్షరం పసుపు రంగులోకి వస్తుంది. అసలు లేని అక్షరం బూడిద రంగులో మిగిలిపోతుంది. ఇంతే. లంచ్ టైములో స్టాఫ్‌రూమ్‌లో టిఫిన్ డబ్బాలు తెరవకముందే ఫోన్లు తెరుచుకునేవి.

మాది టీచర్లను తయారుచేసే కాలేజీ కాబట్టి, మొదటి మాటగా అందరూ "టీచ్" కొట్టాలని సారు ఒక ఆనవాయితీ పెట్టారు. టి, ఇ, ఎ, సి, హెచ్. శుభమా అని దాంతో మొదలుపెట్టాలట. రెండేళ్లలో అదొక సెంటిమెంటుగా ముదిరింది. వేరే మాటతో మొదలుపెట్టిన వాళ్లను అందరూ ఆటపట్టించేవారు. నేనూ టీచ్‌తోనే మొదలుపెట్టేదాన్ని, నిజం చెప్పాలంటే అది మంచి మాటే అనుకునేదాన్ని.

ఈ ఏడు హైదరాబాదులో బి.ఇడి. కాలేజీలన్నిటికీ ఈ ఆటలో పోటీ పెట్టారు. కాలేజీకి ఒక్కరినే పంపాలి. పోటీ హార్డ్ మోడ్‌లో జరుగుతుందని ముందే చెప్పారు. హార్డ్ మోడ్ అంటే, ఒకసారి బయటపడ్డ ఆనవాళ్లను తర్వాతి మాటల్లో వాడి తీరాలి. పచ్చబడ్డ అక్షరం అదే చోట ఉండాలి, పసుపు పడ్డ అక్షరం మాటలో ఎక్కడో ఒకచోట ఉండాలి. లేకపోతే కంప్యూటర్ మాటను తీసుకోదు. కృష్ణమోహన్ సారు సంబరపడ్డారు. మాటలు ఎక్కువ తెలిసిన వాళ్లే ఇందులో గెలుస్తారని, కాబట్టి సింధును పంపుదామని తేల్చేశారు. సింధు కాన్వెంటులో చదివిన పిల్ల, ఇంగ్లీషు గలగలా మాట్లాడుతుంది. మంచి పిల్ల కూడా, ఆ మాట దాచను.

మహిత నెక్కొండ నుంచి పొద్దున్నే రైలెక్కి వచ్చేది. డిగ్రీ దాకా తెలుగు మీడియం. ఆమె ఏం చేసినా సారు నోట వచ్చే మొదటి మాట అదే. "తెలుగు మీడియమైనా బాగానే రాసింది." "తెలుగు మీడియం కదా, ఆ మాత్రం చాలు." తిట్టుగా అనరు, జాలిగా అంటారు. నాకు ఒళ్లు మండేది అక్కడే. ఒకరోజు మహిత నా దగ్గరికొచ్చి, ఆ పోటీకి తాను పోవాలని అడిగింది.

"ఒక్కసారన్న ఇంగ్లీషుదేదన్న స్టేజీ మీద నిలబడాలె మేడమ్. నన్ను పిలిచేటప్పుడు పేరు ముంగట మీడియం పెట్టొద్దు."

అంతే అంది. నేను నేరుగా ప్రిన్సిపాల్ వెంకట్రాజం గారి గదిలోకి వెళ్లి గొడవ పెట్టుకున్నాను. ఇద్దరికీ పోటీ పెట్టాలని, గెలిచిన వాళ్లను పంపాలని పట్టుబట్టాను. నా నోటికి జడిసో, న్యాయమనిపించో ఆయన సరేనన్నారు.

సెమినార్ హాలు నిండిపోయింది. వేదిక మీద రెండు లాప్‌టాప్‌లు, వాళ్ల వెనక గోడ మీద రెండు తెరలు. ఒకరి తెర ఇంకొకరికి కనబడదు, మాకు మాత్రం రెండూ కనబడతాయి. కంప్యూటర్ ఏరిన మాట ఇద్దరికీ ఒక్కటే. ఒక్కో విడతకు ఒక్కో మాట కొట్టాలి. ముందు పట్టుకున్న వాళ్లు గెలిచినట్టు.

సింధు టీచ్ కొట్టింది. తెర వెలిగిపోయింది. చివర సి, హెచ్ రెండూ పచ్చ. టి, ఎ రెండూ పసుపు. ఇ ఒక్కటే పోయింది. మొదటి మాటకే నాలుగు అక్షరాలు దొరికాయి. హాలంతా చప్పట్లు. కృష్ణమోహన్ సారు వెనక్కి తిరిగి నా వంక చూశారు, చూడకపోతే ఆయనకు నిద్ర పట్టదు మరి.

మహిత "స్లేట్" కొట్టింది. టీచ్ ఎందుకు కొట్టలేదీ పిల్ల? ఎ, టి రెండూ పసుపు, మిగిలిన మూడూ బూడిద. ఎవరో వెనక నుంచి పలకా బలపం తెచ్చుకుందని నవ్వారు. కృష్ణమోహన్ సారు కూడా నవ్వారు. నేను లేచి వేదిక ఎక్కి అడిగేద్దామనుకున్నాను. పక్కనున్న లెక్చరర్ నా చీర కొంగు పట్టుకుని కూర్చోబెట్టింది.

రెండో విడత. సింధు "మ్యాచ్" కొట్టింది. ఎం తప్ప నాలుగూ పచ్చబడ్డాయి. ఎ, టి, సి, హెచ్ వరసగా కూర్చున్నాయి, ముందొక్క అక్షరమే ఖాళీ. అయిపోయిందనుకున్నారు అందరూ.

మహిత చాలాసేపు ఆలోచించింది. చివరికి "హ్యాబిట్" కొట్టింది. హెచ్, ఎ, బి, ఐ, టి. రెండో చోట ఎ పచ్చబడింది, హెచ్, టి పసుపు, బి, ఐ పోయాయి. సింధు తెరతో పోలిస్తే వెలవెలబోతోంది. నాకు ఏడుపొక్కటే తక్కువ. అప్పుడే, మూడో విడతలో సింధు చేసిన పని చూసి నాకు లైటు వెలిగింది.

సింధు "ప్లంబ్" కొట్టింది. ప్లంబర్‌లో మొదటి అయిదు అక్షరాలు. తెలివైన పిల్లని ఊరికే అనలేదు. పి, ఎల్, బి మూడింటినీ ఒక్క దెబ్బకు పరీక్షిద్దామనుకుంది. మామూలు ఆటైతే అదే సరైన ఎత్తు. కానీ కంప్యూటర్ ఒప్పుకోలేదు. దొరికిన నాలుగు పచ్చ అక్షరాలూ అక్కడే ఉండాలని ఎర్రగా రాసి వెనక్కి కొట్టింది. ఛాన్సు పోలేదు గానీ సింధు ముఖం మొదటిసారి చిన్నబోయింది.

నేను వేళ్ల మీద లెక్కపెట్టాను. ఆ నాలుగక్షరాల ముందు ఏమొస్తాయి? బ్యాచ్, క్యాచ్, హ్యాచ్, ల్యాచ్, మ్యాచ్, ప్యాచ్, వాచ్. ఏడు మాటలు. టీచ్ కొట్టాక సింధుకు మిగిలిన ఛాన్సులు అయిదు. దొరికిన అక్షరాలే ఆమె కాళ్లు కట్టేశాయి. ఇక ఒక్కో ఛాన్సుకు ఒక్క అక్షరమే మార్చి చూడగలదు. తెలివితో పని లేదు, తగిలితే తగిలినట్టు.

మరి మహితకు? స్లేట్‌లో ఎల్ పోయింది, కాబట్టి ల్యాచ్ లేదు. హ్యాబిట్‌లో బి పోయింది, బ్యాచ్ లేదు. హెచ్ మొదటి చోట పసుపు పడింది, అంటే మొదటి అక్షరం హెచ్ కాదు, హ్యాచ్ లేదు. సి ఆమెకు ఇంకా దొరక్కపోయినా, ఆ ఆనవాళ్లన్నిటికీ సరిపోయేవి ఇక క్యాచ్, మ్యాచ్, ప్యాచ్, వాచ్ మాత్రమే. నాలుగు మాటలు. ఆమె చేతిలో ఛాన్సులు కూడా నాలుగే. ఓడిపోవడానికి ఇక దారే లేదు, సింధుకు ముందే అదృష్టం తగిలితే తప్ప.

అబ్బ, ఆ క్షణం నాకు కలిగిన గర్వం ఏమని చెప్పను? పచ్చ రంగు చూసి ఎగబడలేదు నా పిల్ల. ఎక్కువ దొరికితే ఎక్కువ ఇరుక్కుంటామని ముందే ఎరిగి, కాళ్లూ చేతులూ స్వేచ్ఛగా ఉన్నప్పుడే వీలైనన్ని అక్షరాలను ఏరి పారేసింది. కృష్ణమోహన్ సారుకు ఇంకా తెలియలేదు, ముందుకు వంగి కాలు ఊపుతున్నారు.

సింధు క్యాచ్ కొట్టింది, కాదు. మహిత మ్యాచ్ కొట్టింది, కాదు. నాలుగో విడతలో సింధు ప్యాచ్, మహిత క్యాచ్. రెండూ తప్పే. సింధు వేలు కీ మీద ఆగిన ప్రతిసారీ మెడ సాచి చూశాను, వాచ్ కొడుతుందేమోనని. అయిదో విడతలో సింధు బ్యాచ్, మహిత ప్యాచ్. తప్పు. ఇద్దరికీ ఒక్కో ఛాన్సే మిగిలింది. హాల్లో ఎవరూ కదలట్లేదు. సారు కాలు ఊపడం మానేశారు. పిల్లలు సింధు కోసం, మహిత కోసం సమానంగా దిగులుపడుతున్నారు, ఇద్దరి పరిస్థితీ ఒకటే అనుకుని.

ఒకటి కాదు. సింధు ముందు మూడు మాటలున్నాయి, ఛాన్సు ఒక్కటి. మహిత ముందు ఒక్కటే మాట.

సింధు కళ్లు మూసుకుని ల్యాచ్ కొట్టింది. పచ్చబడలేదు. మహిత నింపాదిగా, క్లాసులో హాజరు వేసినట్టు, డబ్ల్యూ కొట్టింది. మిగిలిన నాలుగూ కొట్టింది. అయిదూ పచ్చబడ్డాయి.

నేను అరిచానట. నాకు గుర్తు లేదు, అందరూ అంటారు.

సింధు వచ్చి మహితను కావలించుకుంది. చివరి మాటప్పుడు భయం వేయలేదా అని అడిగింది. మహిత లేదంది.

"చివర్ల ఏం భయం? ఒక్కటే మాటుండె. భయమంత రెండో మాట కొట్టేటప్పుడే అయిపోయింది."

కృష్ణమోహన్ సారు వేదిక దగ్గరికి వచ్చి, టీచ్‌తో ఎందుకు మొదలుపెట్టలేదని అడిగారు. కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగారు. మహిత తలెత్తి చెప్పింది. "హార్డ్ మోడ్‌ల అది కొడితే ఒక్కోపారి మొదట్నే అన్ని దొరుకుతయి సార్. దొరికినంక ఇడిచిపెట్టనియ్యదు. మనకు ఇష్టమని ఆడితే అండ్లనే ఇరుక్కపోతం."

సారు తెరల వంక చూశారు. రెండేళ్లుగా తాను పెట్టిన ఆనవాయితీ అక్కడ ఏడు మాటల మధ్య ఇరుక్కుని ఉంది. తర్వాత ఆయన చేసిన పని మెచ్చుకోవాలి. మైకు అందుకుని, హైదరాబాదుకు మన కాలేజీ తరఫున వెళ్లేది మహిత అన్నారు. పేరు ముందు మీడియం పెట్టలేదు. ఒక క్షణం ఆగారు కూడా, అలవాటుగా నోటిదాకా వచ్చిన మాటను మింగినట్టు. నేను చప్పట్లు మొదలుపెట్టాను.

మహిత చెయ్యి చాచి మైకు అడిగింది. సారు ఇచ్చేశారు.

"సార్ ఒక మాట ఇడిచిపెట్టిండు," అంది హాలు వైపు చూస్తూ. "నాది తెలుగు మీడియం. నెక్కొండ. హైదరాబాదుల గూడ గట్లనే పిలవమని చెప్త."

చప్పట్లు కొడదామని చేతులెత్తాను గానీ కళ్లు తుడుచుకోవడమే సరిపోయింది.