ఇంకో అరగంటే

దూరప్రయాణానికి నాన్నగారు ఏరికోరి కారులో పెట్టిన పిల్లల పాటలు కడిగిన ముత్యాలే. ఒక్క చెడ్డమాట లేదు, నోటికి పట్టే ముక్కా లేదు. నీతులే నీతులు, అదీ పిల్లల గొంతుకు అందని మంద్రంలో.

"ఊరెప్పుడొస్తుంది నాన్నా?" అంటూ వెనకసీటు ప్రాణం తోడేస్తోంది.

"ఇంకో అరగంటే!" అన్నాడాయన, పొద్దుటి నుంచీ అంటున్నట్టే.

అమ్మ పాటలు కట్టేసి, చప్పట్లు కొడుతూ తనే అందుకుంది. "వంతెన దాటాం, ఊరెంత దూరం?"

జవాబు పిల్లలకు కంఠతా వచ్చు. "ఇంకో అరగంటే!"

"లారీ దాటాం, ఊరెంత దూరం?"

"ఇంకో అరగంటే!"

గొర్రెలొచ్చాయి, టోల్‌గేటొచ్చింది, చరణాలు పెరిగాయి. ఆయన పళ్లు నూరుతూనే స్టీరింగు మీద తాళం వేశాడు.

చివరికి కారాపి, విజయగర్వంతో "వచ్చేశాం, దిగండర్రా!" అన్నాడు.

ఒక్కరూ కదల్లేదు. చప్పట్లతో సహా జవాబొచ్చింది.

"ఇంకో అరగంటే!"