రెండు వేళ్ల లేబుల్

లోగో పోటీల్లో ముప్పైసార్లు దిగి ఒక్కసారే గెలిచిన మాలతి, ఇక మానేద్దామా అని ఊగిసలాడుతోంది. ఓడితే పైసా రాదు మరి. అప్పుడే నార్పోలిలో సాంచాలు, అంటే మరమగ్గాలు నడిపే మేనమామ కనుకయ్య తన తువ్వాళ్లకు ఆన్‌లైన్‌లో లోగో పోటీ పెట్టి, ఎంపికలో సాయానికి ఆమెను పిలిచాడు.

నూటపన్నెండు లోగోలొచ్చాయి. చాయ్ చల్లారేలోపు ఆయన వందింటిని తీసేశాడు.

"గట్ల చూడకుండనే తీసేస్తవేంది మామా?"

"చూసిన బిడ్డా. తువ్వాల అంచుకు రెండు వేళ్లంత లేబుల్ కుడ్తమని వివరాలల్ల రాసిన. గంత జాగల అవి కనవడయి. సదివినోళ్లు పన్నెండుమందే."

ఆ పన్నెండింటినీ లేబుల్ కొలతకు అచ్చువేయించి, తువ్వాలపై పెట్టి, నాలుగడుగుల దూరం నుంచి కూడా తెలిసిన దాన్నే గెలిపించాడు.

మాలతి ఎప్పుడూ వివరాలు పైపైన చూసి, అరగంటకో లోగో పంపేది. ఇంటికొచ్చి, దిగుదామనుకున్న నాలుగు పోటీల్లో మూడింటిని వదిలేసింది. నాలుగోదాని వివరాలు మొదటి నుంచి చదవసాగింది.