గోడ మీది మొక్కజొన్న

పద్మారావు నగర్‌లోని ఆ ప్రైవేటు బడిలో సైన్సు ఉండేది పుస్తకంలో కాదు, గోడ మీద. కరెస్పాండెంట్ బాబూరావు పెయింటర్‌ని పిలిపించి, మెట్ల పక్కన నిలువెత్తు చిక్కుడు మొలకను, దాని సరసన మొక్కజొన్న మొలకను వేయించాడు. జంట ముచ్చటగా ఉండాలని పెయింటర్ రెండు గింజల్నీ మట్టిపైకి ఎత్తేశాడు. బాబూరావు మురిసిపోయాడు. అప్పటినుంచి గోడను చూసి గీసినవాళ్లకే మార్కులు.

పుస్తకాన్ని నమ్మి మొక్కజొన్న గింజను మట్టిలోనే గీసిన ఎలీనాకు సున్నా పడింది. వేసింది కొత్త బయాలజీ టీచర్ వసుధ. వేయకపోతే ఆమె పర్మనెంట్ ఆర్డర్ మీద సంతకం పడదు. ఓపెన్ డే నాడు పెడతానని బాబూరావు మాటిచ్చాడు.

ఆ రోజు గోడ కింద నిజం మొలకలు ఉండాలన్న ఆలోచన కూడా ఆయనదే. వసుధ గాజు గ్లాసుల్లో, బయటికి కనబడేలా గాజుకు ఆనించి గింజలు నాటింది. చిక్కుళ్లు మెడ వంచుకుని మట్టిని చీల్చి, నిటారుగా లేచి, రెండేసి బద్దల్ని గాల్లోకి ఎత్తి పట్టుకున్నాయి. మొక్కజొన్నలకు గోడంటే భయం లేదు. గింజను మట్టిలోనే ఉంచి, తొడుగు చుట్టుకున్న పచ్చటి మొనను మాత్రం పైకి పంపాయి.

తల్లిదండ్రులు గ్లాసుల చుట్టూ మూగారు. లాలాగూడ నుంచి వచ్చిన ఎలీనా తల్లి ప్రేమమణి చేతిలో కూతురి ఆన్సర్ షీటు ఉంది. ఆమె గోడను చూసింది, గ్లాసును చూసింది, బాబూరావును చూసింది.

విత్తనాలు నాసిరకమని, బలం పుంజుకుంటే గింజ దానంతటదే పైకొస్తుందని ఆయన సర్దిచెప్పాడు. అంతటితో ఆగితే బాగుండేది. మొక్కజొన్నకు సాయం చేద్దామని మొనను పట్టి లాగాడు. వేర్లతో సహా గింజ ఊడి వచ్చింది. బురద నీళ్లు తెల్లచొక్కా మీద కారుతుంటే దాన్ని గోడ బొమ్మ పక్కన పట్టుకుని నిలబడ్డాడు.

"చూశారాండీ, వచ్చేసింది."

"మీరు గుంజితే వచ్చింది సార్. గిట్ల గుంజితే గోడ సుత వస్తది," అంది ప్రేమమణి. వసుధ వైపు తిరిగింది. "మేడమ్, మీరు చెప్పుండ్రి. మా పిల్ల గీసింది తప్పా?"

ఆర్డర్ కాగితం బాబూరావు జేబులోంచి తొంగి చూస్తోంది. వసుధ దాన్ని ఒక్కసారి చూసి, కళ్లు తిప్పుకుంది.

"కాదమ్మా. నేను దిద్దిందే తప్పు. చిక్కుడుకు బద్దల కింది కాడ సాగుతది. అదే బద్దల్ని మోసుకొని పైకొస్తది. దాన్ని ఎపిజీయల్ అంటం. మొక్కజొన్నకు ఆ కాడ సాగదు. గింజ మట్టిలనే ఉంటది, మొలకొక్కటే పైకొస్తది. ఇది హైపోజీయల్."

అక్కడికక్కడే ఎర్రపెన్ను తీసి సున్నా కొట్టేసి మార్కులు వేసింది. తక్కిన తల్లిదండ్రులు కూడా పేపర్లు తీశారు.

అంతమంది చూశాక ఆమెను ఉద్యోగంలోంచి తీసేయడం బాబూరావు వల్ల కాలేదు. సాయంత్రం తన గదికి పిలిచి సంతకం పెట్టిన ఆర్డర్ చేతికిచ్చాడు. వసుధ చదువుకుంది. ఉద్యోగం పర్మనెంటే. సబ్జెక్టు మాత్రం బయాలజీ కాదు, మోరల్ సైన్స్.

"మీకది బాగా నప్పుతుందమ్మా," అన్నాడు బాబూరావు, చొక్కా మీది బురద గీరుకుంటూ.