ప్రేక్షక అయాన్

ఆ షెడ్డులో అన్నిటికీ ఒకటే పేరు: ఉప్పు. గేర్లు, ఇరుసులు గట్టిపడేందుకు ముంచే కొలిమిలో ఎర్రగా కరిగి ఉండేదీ ఉప్పే. మూలన పేర్చిన సంచుల్లోని తెల్లటి పొడీ ఉప్పే. కొలిమి ముందు చెమటలు కక్కే పనివాళ్లు నిమ్మరసం నీళ్లలో చిటికెడు కలుపుకునేదీ ఉప్పే. మొదటి రెండూ తినేవి కావని అందరికీ తెలుసు. తెలుసు కాబట్టే సంచుల మీద ఎవరూ ఏమీ రాయలేదు.

ఆ రోజు పొద్దున పదిన్నరకి నీళ్ల కుండ పక్కనున్న సీసాలో ఉప్పు అయిపోయింది. ఎవరు నింపారో ఆ తర్వాత ఎంత అడిగినా తేలలేదు. సీసా మాత్రం నిండింది. మేస్త్రీ సగం గ్లాసు తాగి, "థూ, చేదుగా ఉందేంట్రా" అని పారబోశాడు. కొలిమి దగ్గర పనిచేసే అతను మాత్రం రెండు గ్లాసులు గటగటా తాగేశాడు. కొలిమి పక్కన గంటసేపు నిలబడ్డవాడికి రుచి తెలియదు, దాహమే తెలుస్తుంది.

అతని అక్క ఊళ్లోని కాలేజీలో కెమిస్ట్రీ చెబుతుంది. పిల్లలూ తోటి లెక్చరర్లూ అందరూ ఆమెను కెమిస్ట్రీ మేడం అనే పిలుస్తారు. పన్నెండు గంటలకి మేస్త్రీ ఫోన్ చేశాడు.

"అమ్మా, మీ తమ్ముడికి ఒకటే వాంతులు. ఆస్పత్రిలో చేర్పించాం. నాక్కూడా కడుపులో తిప్పుతోంది. నిమ్మరసం నీళ్లు తాగినప్పటి నుంచీ ఇలాగే ఉంది. ఆ ఉప్పులో ఏమన్నా పడిందేమో, కాస్త చూస్తారా? సీసా పంపిస్తున్నా."

సీసా వచ్చింది. దాని మీద పెయింటుతో 'ఉప్పు' అని రాసి ఉంది. మేడం ప్రయోగశాలలో గాజు గొట్టంలోని నీళ్లలో చిటికెడు పొడి వేసింది. చక్కగా కరిగింది, నీళ్లు తేటగా ఉన్నాయి. రెండు చుక్కల నత్రికామ్లం వేసి, సిల్వర్ నైట్రేట్ వేసింది. విరిగిన పాలలా తెల్లటి అవక్షేపం దిగింది. అమ్మోనియా పోసింది, అది కరిగిపోయింది. ఇరవై రెండేళ్లుగా ఏటా వందమంది పిల్లల చేత చేయించిన పరీక్ష అది. క్లోరైడ్ ఉందన్నమాట. పైన రాసిందీ ఉప్పే.

ల్యాబ్ అసిస్టెంట్ బల్ల తుడుస్తూ, "ఏం మేడం, విషమేనా?" అంది.

"కాదులే. మామూలు ఉప్పే." తమ్ముడి మీద బెంగతో బిగబట్టిన ఊపిరి అప్పుడు వదిలింది మేడం.

ఆస్పత్రికి ఫోన్ చేసి డాక్టర్‌కి అదే మాట చెప్పింది. డాక్టర్ యువకుడు, మర్యాదస్తుడు. "పోనీలెండి మేడం, ఒక దిగులు తీరింది. వేడికి డస్సిపోయుంటారు. సెలైన్ పెట్టాం" అన్నాడు.

భోజనాల వేళ మేడం వెళ్లి తమ్ముణ్ణి చూసింది. మంచం మీద పాలిపోయి ఉన్నాడు. పక్కన మరదలు కూర్చుని ఉంది.

"అక్కా, పెదాలు తిమ్మిరెక్కుతున్నాయే" అన్నాడు అతను.

"వాంతులయ్యాయిగా, ఒంట్లో సత్తువ పోయుంటుంది. ఏం కాదు, పడుకో."

"ఇంకో నెలలో మీ పిల్లలకి పరీక్షలన్నావు. ఇక్కడ కూర్చుంటే ఎలా? నువ్వెళ్లు."

"వదినా, నేనున్నాగా, మీరు వెళ్లిరండి. సాయంత్రం వద్దురుగాని" అంది మరదలు కూడా.

మేడం వెళ్లింది. రెండున్నరకి క్లాసు. ఆ రోజు పాఠం నికర అయానిక సమీకరణాలు.

ఆమె ఈ పాఠం ఎప్పుడూ ఒకేలా మొదలుపెడుతుంది. రెండు లవణాల ద్రావణాలు కలిపితే నాలుగు రకాల అయాన్లు ఒక చోట చేరతాయి. ఎవరు ఎవరితో జతకడితే నీళ్లలో కరగకుండా పోతారో నియమాలు చెబుతాయి. నైట్రేట్లన్నీ కరుగుతాయి. సోడియం, పొటాషియం లవణాలు కరుగుతాయి. క్లోరైడ్లు కరుగుతాయి, వెండిదీ, సీసం లోహానిదీ తప్ప. సల్ఫేట్లు కరుగుతాయి, బేరియంది, సీసానిది, అలాంటి కొన్ని తప్ప. అవక్షేపమైన జతను ఉంచి, మిగిలిన వాళ్లను సమీకరణానికి రెండు వైపులా కొట్టేయాలి. "వాళ్లు పెళ్లికొచ్చి భోంచేసి పోయేవాళ్లు. ప్రేక్షక అయాన్లు" అంటే పిల్లలు నవ్వుతారు. ఆ రోజూ నవ్వారు.

చివరి బెంచీ అమ్మాయిని బోర్డు దగ్గరకు పిలిచింది. సిల్వర్ నైట్రేట్, సోడియం క్లోరైడ్ ఇచ్చింది. అమ్మాయి చకచకా రాసి, సోడియాన్నీ నైట్రేట్‌నీ కొట్టేసి, కింద మిగిలింది రాసింది.

Ag⁺ + Cl⁻ → AgCl

"బాగుంది. సోడియం క్లోరైడ్ బదులు బేరియం క్లోరైడ్ ఇస్తే?"

అమ్మాయి సుద్దముక్క ఎత్తి, ఒక్క క్షణం ఆలోచించి, దించేసింది.

"మళ్లీ రాయక్కర్లేదు మేడం. ఇదే సమీకరణం. బేరియం కూడా ప్రేక్షకుడే కదా. గొట్టంలో చూస్తే రెండిటికీ తేడా తెలీదు."

మేడం 'సరే' అంటుందని క్లాసంతా చూస్తోంది. ఆమె అనలేదు. ఏటా అడిగే ప్రశ్నే అది, ఏటా వినే జవాబే. ఆమె చేతిలోని డస్టర్ జారి కింద పడింది. తీయకుండానే బయటికి నడిచింది. నడక పరుగైంది.

ప్రయోగశాలలో ఆ గొట్టం ఇంకా స్టాండులోనే ఉంది, సీసా పక్కనే ఉంది. కొత్తగా ఒక చిటికెడు కరిగించింది. ఈసారి సజల సల్ఫ్యూరిక్ ఆమ్లం తీసింది. వంట ఉప్పైతే ఏమీ కాదు. సోడియం సల్ఫేట్ నీళ్లలో కరుగుతుంది, ద్రావణం తేటగానే ఉంటుంది. తేటగా ఉండమని ఆమె మనసులో వేడుకుంది. నాలుగు చుక్కలు పడ్డాయి. గొట్టం ఒక్కసారిగా పాలలా తెల్లబడి, ఆ తెలుపు మెల్లగా అడుక్కి దిగింది.

Ba²⁺ + SO₄²⁻ → BaSO₄

హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోసి చూసింది, కరగలేదు. ప్లాటినం తీగ మీద పొడి అద్ది మంటలో పెట్టింది. సోడియం పసుపు కాదు, లేత ఆకుపచ్చ. అక్కడికి చాలు.

ఆస్పత్రికి ఫోన్ చేసింది. "డాక్టర్ గారూ, నేను తప్పు చెప్పాను. అది ఉప్పు కాదు. బేరియం క్లోరైడ్. కొలిమిలో వేసేది."

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు. "పొటాషియం ఒకటీ పాయింట్ తొమ్మిదికి పడిపోయింది మేడం, మూడున్నర పైన ఉండాలి. వాంతుల వల్ల అనుకున్నా. కాళ్లు కదపలేకపోతున్నారు. వెంటనే రండి."

ఆమె వెళ్లేసరికి అతని ముక్కులో గొట్టం ఉంది. మెగ్నీషియం సల్ఫేట్ కరిగించి దాంట్లోంచి పోస్తున్నారు. పక్క మంచం మీద మేస్త్రీ అదే మందు గ్లాసులో తాగుతూ ఆమెను చూసి తల దించుకున్నాడు. కడుపులో మిగిలిన బేరియం ఆ సల్ఫేట్‌తో కలిసి, ఎక్కడికీ ఇంకని మట్టిలా మారి బయటికి పోతుంది. కడుపులో మిగిలింది మాత్రమే. రెండు గ్లాసులూ లోపలికెళ్లి ఐదు గంటలైంది.

"రక్తంలోకి ఎక్కించకూడదా? సల్ఫేట్‌ని నేరుగా?" అని అడిగింది. అడుగుతూనే జవాబు ఆమెకు తెలిసిపోయింది.

"అదే సమీకరణం అక్కడా జరుగుతుంది మేడం. ఆ అవక్షేపం మూత్రపిండాల్లో దిగుతుంది. అది చేయలేను." డాక్టర్ గొంతు తగ్గించాడు. "రక్తంలో పొటాషియాన్ని బేరియం తగ్గించేస్తోంది, అందుకే అది ఎక్కిస్తున్నాం. డయాలసిస్ పెద్దాస్పత్రిలోనే ఉంది. అంబులెన్స్ బయల్దేరింది."

తమ్ముడి కళ్లు తెరిచే ఉన్నాయి. మెడ తిప్పలేకపోతున్నాడు కాబట్టి ఆమే అతని ముఖం మీదికి వంగింది.

"ఏంటక్కా అది?" మాట ముద్దగా వచ్చింది.

"కొలిమి ఉప్పురా. నేను ముందు సరిగా చూడలేదు."

అతను నవ్వబోయాడో, ఊపిరి కోసమో, పెదాలు కొంచెం కదిలాయి. "నీకూ తెలీలేదా? అయితే నేను మరీ అంత వెర్రివాణ్ణి కాదన్నమాట."

అంబులెన్స్ వచ్చేసరికి నాలుగుంబావు. మెట్ల దగ్గర స్ట్రెచర్ మీదే గుండె లయ తప్పింది. డాక్టర్ అక్కడే మోకాళ్ల మీద కూర్చుని గుండె మీద నొక్కుతూనే ఉన్నాడు. మరదలు గోడకి ఆనుకుని, రెండు చేతులతో అతని చెప్పులు పట్టుకుని నిలబడింది. ఐదు దాటాక డాక్టర్ లేచి, చొక్కా చేతితో ముఖం తుడుచుకున్నాడు.

మేస్త్రీ మూడో రోజున ఇంటికెళ్లాడు.

విచారణకు వచ్చిన అధికారి షెడ్డు అంతా తిరిగి, 'మృతుని అజాగ్రత్త' అని రాసుకున్నాడు. మేడం అతని దగ్గరికి వెళ్లి, పన్నెండున్నరకి తాను చేసిన పరీక్ష, చెప్పిన మాట, పోయిన సమయం అన్నీ కాగితం మీద రాసి ఇచ్చింది. అతను చదివి, మడిచి తిరిగిచ్చేశాడు. "ఇది మా పరిధిలోకి రాదమ్మా. మీరు మంచికే చేశారు" అన్నాడు. డాక్టర్ కూడా, ముందే తెలిసినా బతికేవాడని చెప్పలేమన్నాడు. అందరూ ఆమెను వదిలేయాలనే చూశారు. తప్పు నీదేనని పట్టుకునేవాళ్లు ఆమెకు ఎవరూ దొరకలేదు.

పదిహేను రోజుల తర్వాత మరదలు కబురు పెట్టింది. మేడం వెళ్లేసరికి వంటగదిలో పప్పు ఉడుకుతోంది. ఇద్దరూ నేల మీద కూర్చున్నారు.

"వదినా, నాకు చదువు లేదు. అయినా ఏం జరిగిందో నాకర్థమయ్యేలా చెప్పండి. అందరూ ఏదో చెప్పి ఊరుకోబెడుతున్నారు."

మేడం చెప్పింది. ఏదీ దాచలేదు. పాత క్యాలెండర్ కాగితం వెనక రెండు సమీకరణాలూ రాసి, మొదటిదాంట్లో ఎవరిని కొట్టేసిందో, ఎందుకు కొట్టేసిందో వేలు పెట్టి చూపించింది. మరదలు ఆ గుర్తుల్ని చాలాసేపు చూసింది.

"అంటే, ఆ రెండోది ముందు చేసుంటే?"

"ఒక్క నిమిషం పట్టేది."

"బతికేవాడా?"

వెయ్యిసార్లు తనను తాను అడిగిన ప్రశ్నే. డాక్టర్ ఇచ్చిన జవాబు ఉంది, అది చెప్పొచ్చు. కానీ ఆమె నోటికి అది రాలేదు.

"బతికేవాడేమో తల్లీ."

మరదలు తలూపింది. లేచి వెళ్లి పొయ్యి ఆపింది. గిన్నె దించి, మూత పెట్టి, అటు తిరిగే అంది:

"ఇక మీరు రాకండి వదినా. మీ మీద కోపం లేదు. మిమ్మల్ని చూడలేను, అంతే."

మేడం చెప్పులేసుకుని బయటికొచ్చింది. కాగితం అక్కడే నేల మీద ఉండిపోయింది. వెనక్కి వెళ్లి తీసుకునే ధైర్యం ఆమెకు లేకపోయింది.