సెలవు చీటీలో రాయని తేదీ

ఫిబ్రవరి నెలలో ఎవరైనా సెలవు అడిగితే మా మేనేజర్ శ్రవణ్ కుమార్ ముఖం మాడిపోతుంది. ఆయన్ని అని లాభం లేదు. గద్వాల చుట్టుపక్కల విత్తనాల కంపెనీలన్నింటికీ అదే సీజన్. పొలాల నుంచి వచ్చిన పత్తి గింజను శుద్ధి చేసి, మొలక పరీక్ష పెట్టి, వానాకాలానికి ముందే సంచుల్లో నింపాలి. ఆ మొలక పరీక్ష చేసేది నేను. తడి కాగితాల్లో చుట్టిన గింజలను విప్పి, మొలిచినవి ఎన్నో కుళ్ళినవి ఎన్నో పొద్దంతా నిలబడి చూడడమే నా ఉద్యోగం.

ఈ సీజన్‌లో మా దగ్గర ఇంకో ఆనవాయితీ కూడా ఉంది. 'సొంత పని ఉంది' అని సెలవు చీటీ ఇచ్చినవాళ్ళు వారం తిరక్కముందే పక్క కంపెనీలో తేలుతారు. పోయిన ఏడు ఒకాయన చెల్లెలి పెళ్ళని చెప్పి వెళ్ళి, ఎదురుగా ఉన్న కంపెనీ గేటులోంచి మాకు చెయ్యి ఊపాడు. అప్పటినుంచి 'సొంత పని' అన్న మాట చూస్తేనే మా మేనేజర్‌కు ఒళ్ళు మండుతుంది. ఇదంతా తెలిసి కూడా నేను ఆ మాటే రాశాను. ఎందుకు రాశానో చెప్పాలంటే మా అత్త జానకమ్మ సంగతి చెప్పాలి.

నాకప్పుడు ఆరో నెల. కంపెనీలో నా పక్క బల్ల దగ్గర పనిచేసే మనీషాకు తప్ప ఎవరికీ తెలియదు. నేను సన్నగా ఉంటాను, పైన కంపెనీ ఇచ్చిన వదులు కోటు, ఇట్టే దాగిపోయింది. దాచమన్నది అత్త. రెండేళ్ళ కిందట మొదటిసారి కడుపుతో ఉన్నప్పుడు ఆమె మా ఊరు అమరచింత అంతా చెప్పుకుంది. డాక్టర్ చెప్పిన కాన్పు తేదీకి క్యాలెండర్లో పసుపుబొట్టు పెట్టింది. పాత చీరలతో బొంత కుట్టింది. ఏడో నెలలో ఆ బిడ్డ కడుపులోనే పోయాడు. ఆ రోజు అత్త క్యాలెండర్ దించి పొయ్యిలో పెట్టింది. తేదీ చెప్పుకోవడం వల్లనే బిడ్డ పోయాడని ఆమె మనసులో పాతుకుపోయింది. ఈసారి మా ఇంట్లో ఎవరూ నెలలు లెక్కపెట్టకూడదు, కాన్పు మాట ఎత్తకూడదు. నాకు కోపం వచ్చేది. కానీ నిజం చెప్పొద్దూ, నాకూ భయమే. ఆమె భయం వెనక నా భయాన్ని దాచుకుని హాయిగా ఆమెనే తిట్టుకునేదాన్ని.

ఒక ఆదివారం పొద్దున రక్తం కనిపించింది. నొప్పి లేదు, ఏమీ లేదు, ఊరికే రక్తం. అత్త ఆటో పిలిచింది. గద్వాలలో నన్ను చూసే డాక్టర్ సనా స్కానింగ్ చేసి, బిడ్డకు ఆహారం అందించే మాయ బాగా కింద అతుక్కుని గర్భసంచి మూతిని మొత్తం కప్పేసిందని చెప్పారు. బిడ్డ బయటికి రావాల్సిన దారికి అది అడ్డం పడుకుంది. ఇంకోసారి రక్తం పోతే ఎంత పోతుందో ఎవరూ చెప్పలేరట. బస్సు ప్రయాణం వద్దు, నిలబడే పని వద్దు, బరువులు వద్దు, రేపటి నుంచే ఉద్యోగానికి సెలవు పెట్టాలి అని కాగితం రాసిచ్చారు. మధ్యలో రక్తం ఆగకపోతే కర్నూలులోనో మహబూబ్‌నగర్‌లోనో ఉన్న పెద్ద దవాఖానకు పోవాల్సి ఉంటుందని కూడా చెప్పారు.

మా ఆయన నిరంజన్ కోడేరు దగ్గర రోడ్డు పనిలో సూపర్‌వైజర్. ఫోన్ చేస్తే, డాక్టర్ చెప్పినట్టు విను అన్నాడు. మళ్ళీ ఆ గుక్కలోనే, అమ్మ చెప్పినట్టు కూడా విను అన్నాడు. ఆయనతో ఎప్పుడూ ఇదే గొడవ.

రాత్రి సెలవు చీటీ రాయడానికి కూర్చుంటే అత్త పక్కన వచ్చి కూర్చుంది. ఏం రాస్తున్నావని అడిగితే చెప్పాను. కడుపుతో ఉన్నాననీ, మాయ కిందికుందనీ, కాన్పు ఫలానా తేదీకి అనీ రాయాలన్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"అది రాయకు బిడ్డా. నీకు దండం పెడ్త. పోయినసారి తారీఖు మీద బొట్టు పెడ్తిమి, ఏమాయె? సొంత పని ఉందని రాయి. సెలవు సెలవే గద."

డాక్టర్ ఇచ్చిన కాగితాన్ని ఫైలులో పెట్టి, ఫైలును తన చీరల కింద దాచింది. నేను వాదించలేదు. తేదీ రాయాల్సి వచ్చేసరికి నా చెయ్యి కూడా ఆగిందని ఆమెకు తెలియదు.

మర్నాడు చీటీ ఇచ్చి వచ్చేస్తానని, ఆ ఒక్కసారికే అని, జూరాల మీదుగా బస్సులో వెళ్ళాను. ప్రతి గుంతకూ పొట్ట పట్టుకున్నాను. శ్రవణ్ కుమార్ చీటీ చదివి, నా వైపు చూసి, మళ్ళీ చదివారు. సొంత పనుల వల్ల నాలుగు నెలలు సెలవు. కారణం లేదు, కాగితం లేదు.

"ఏ కంపెనీల చేరుతున్నవమ్మా?" అన్నారు.

ఏ కంపెనీలోనూ కాదన్నాను. మరి నాలుగు నెలలు పట్టే ఆ సొంత పని ఏంటని అడిగారు. గదిలో ఇంకో ఇద్దరు మగవాళ్ళు ఉన్నారు. ఆయన చీటీని బల్ల మీద నా వైపు తోసి, కారణం లేని సెలవు తాను ఇవ్వలేనని, ఉన్న పరీక్షలు పూర్తయ్యాక మాట్లాడుదామని, కాదని పోతే మళ్ళీ రావద్దని అన్నారు. అప్పుడైనా చెప్పి ఉంటే సరిపోయేది. నేను వెళ్ళి కోటు తొడుక్కున్నాను. ఎంత తెలివితక్కువతనమో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఉద్యోగం పోతుందన్న భయం ఒకవైపు, తేదీ భయం ఇంకోవైపు, రెండింటి మధ్యలో నిలబడి గింజలు చూశాను.

రెండు రోజుల్లో సెలవు ఇస్తారని అత్తకు చెప్పి రోజూ బస్సెక్కాను. మూడో రోజు బల్ల దగ్గర ఉండగా కాళ్ళ వెంట వెచ్చగా తగిలింది. కిందికి చూడడానికి ధైర్యం చాలలేదు. మనీషా చూసింది. ఆమె తన చున్నీ నా నడుముకు చుట్టి, ఎవరినీ అడక్కుండా కంపెనీ జీపు ఎక్కించింది. ఆ దారి పొడుగునా నేను బిడ్డతో మాట్లాడాను. కదులు, ఒక్కసారి కదులు అని. కదల్లేదు.

దవాఖానలో గుండె చప్పుడు వినే యంత్రాన్ని పొట్ట మీద పెట్టారు. గరగర తప్ప ఏమీ వినిపించలేదు. నర్సు ఇంకో చోట పెట్టింది. అక్కడా లేదు. నేను కళ్ళు మూసుకున్నాను. మొదటి బిడ్డప్పుడు కూడా ఇలాగే చోటు మార్చి మార్చి వెతికారు. నాలుగోసారి పెట్టినప్పుడు టకటకమని వినిపించింది. నేను ఏడ్చాను. డాక్టర్ సనా మాత్రం కోపంగా ఉన్నారు. సెలవు పెట్టమంటే నిలబడి పనిచేస్తావా అని నర్సుల ముందే కోప్పడ్డారు. సూదులు వేశారు, సెలైన్ పెట్టారు, రక్తం సిద్ధంగా ఉంచమన్నారు. రాత్రికి రక్తం ఆగింది. అయినా మంచం దిగొద్దన్నారు.

తెల్లారాక శ్రవణ్ కుమార్ యాపిల్ పండ్లు పట్టుకుని వచ్చారు. సంగతంతా మనీషా చెప్పేసిందట. ఆయన కుర్చీ అంచున కూర్చున్నారు.

"పక్క కంపెనీకి పోతున్నవనుకున్న. ఒక్క మాట చెప్పకపోతివి," అన్నారు. తర్వాత, "నేనూ అడిగే తీరుల అడగలే," అన్నారు.

ఆయన పొద్దునే హైదరాబాద్ ఆఫీసుతో మాట్లాడారట. నా జీతం ఈఎస్ఐ పరిమితి దాటింది కాబట్టి ప్రసూతి సెలవు జీతం కంపెనీయే ఇవ్వాలి. చట్టం ప్రకారం కాన్పుకు ముందు ఎనిమిది వారాల వరకే ఆ సెలవు వాడుకోవచ్చు. గర్భం వల్ల జబ్బు చేసిందని డాక్టర్ కాగితం ఉంటే, దానికి తోడు ఇంకో నెల జీతంతో ఇస్తారు. ఇంకా మిగిలిన రోజులకు నా ఖాతాలో ఉన్న సెలవులు, అవి అయిపోతే జీతం లేని సెలవు. ఉద్యోగానికి ఢోకా లేదు, రావద్దని తాను అన్న మాట మర్చిపొమ్మన్నారు. ఇవాళే చీటీ రాసిస్తే తన ఫోన్ నుంచి పంపుతానన్నారు.

మనీషా కాగితం, అట్ట తెచ్చింది. పడుకునే రాశాను. కడుపుతో ఉన్నానని రాశాను. మాయ గర్భసంచి మూతిని కప్పిందని, రెండుసార్లు రక్తం పోయిందని, డాక్టర్ పూర్తి విశ్రాంతి చెప్పారని, ఇవాళ్టి నుంచే సెలవు కావాలని, ప్రసూతి సెలవు జీతం ఇప్పించాలని రాశాను. ఒక చోట కొంచెం ఖాళీ వదిలి, సంతకం చేసి ఇచ్చేశాను.

శ్రవణ్ కుమార్ చదివి, కాన్పు తేదీ లేదన్నారు. అది లేకపోతే పంపి లాభం లేదట. ఎనిమిది వారాలైనా, ఆ పైన నెలైనా, లెక్కంతా ఆ తేదీ నుంచే వెనక్కి వేస్తారు. డాక్టర్ ఫైలులో ఉంటుంది కదా, చూసి రాయమన్నారు.

ఫైలు అత్త దగ్గర ఉంది. కబురు అందగానే చీరల కింద నుంచి తీసుకుని వచ్చింది. రాత్రంతా దాన్ని ఒళ్ళో పెట్టుకుని నా కాళ్ళ దగ్గరే కూర్చుంది. ఇప్పుడు రెండు చేతులూ దాని మీద పెట్టింది. నేను అడగలేదు. ఫైలు చూడకపోయినా తేదీ నాకు తెలుసు. నోటి దాకా వచ్చి ఆగుతోంది. రెండేళ్ళ కిందటి పసుపుబొట్టు, దాని కింద ఎప్పటికీ రాని ఆ రోజు గుర్తుకొచ్చాయి. చెబితే ఏమవుతుందో అన్న భయం అత్తది కాదు, నాదేనని అప్పుడు ఒప్పుకున్నాను.

మేనేజర్ కలం పట్టుకుని ఎదురుచూస్తున్నారు. అత్త ఒకసారి నా పొట్ట వైపు, ఒకసారి ఎక్కుతున్న సెలైన్ వైపు చూసింది. కొంగుతో ముఖం తుడుచుకుంది.

"జూన్ రెండు," అంది. "రాసుకో సారూ. జూన్ రెండో తారీఖు."

క్యాలెండర్ లేని ఇంట్లో, అక్షరం ముక్క రాని ఆమె, ఆ తేదీని ఎన్నాళ్ళుగా మోస్తోందో నాకు తెలియదు. శ్రవణ్ కుమార్ అట్టను నా వైపు చాపారు. నేను ఆ ఖాళీలో తేదీ రాశాను. ఆయన ఫోటో తీసి పంపి, పోయిందని చెప్పారు.

అత్త లేచి నా తలాపున నిలబడి, ఆ రోజు ఏ వారం పడుతుందని నన్ను అడిగింది.